గుత్తి వంకాయ ఫోటోలో ముందు వంకాయ కనపడాలి

ప్రశ్న: "అత్తగారి దగ్గర నేర్చుకున్న గుత్తి వంకాయ కూర మా ఇంట్లో అందరికీ ప్రాణం. ఫోటో తీస్తే మాత్రం బురద ముద్దలా వస్తోంది. కొత్తిమీర ఇంకాస్త ఎక్కువ చల్లి చూశాను, స్టీలు గిన్నె మాని గాజు గిన్నెలో పెట్టి చూశాను, తేడా ఏమీ లేదు. మొన్న తీసిన ఫోటో పంపుతున్నాను. ఫోన్ మామూలుదే. ఎలా సర్దాలి, పైన ఏం వేయాలి, కాస్త చెప్పండి." – ఒక పాఠకురాలు, ఖమ్మం

ఫోటో పెద్దది చేసి చూశానండీ. కూర బాగా కుదిరింది, అంచున తేలిన నూనె చూస్తేనే ఆ సంగతి తెలుస్తోంది. కానీ అందులో వంకాయ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. లోతు గిన్నె, అంచు దాకా గ్రేవీ, అందులో మునిగిపోయిన కాయలు, ఆ పైన సన్నగా తరిగిన కొత్తిమీర దట్టంగా. రెండు తొడిమలు మాత్రం పైకి తేలాయి. పల్లీలు, నువ్వులు, ఎండు కొబ్బరి, చింతపండు కలిసిన గ్రేవీ రంగు ఎవరు వండినా గోధుమ రంగే, దాన్ని మార్చలేం, మార్చకూడదు కూడా. ఈ కూరకి ఉన్న అందమంతా కాయ ఆకారంలో ఉంది. నిండు కాయ, నాలుగు చీలికలు, వాటి మధ్య నుంచి తొంగిచూసే కూరుడు ముద్ద, పైన తొడిమ. ఇవి కనిపిస్తే గోధుమ రంగు గ్రేవీ కూడా నోరూరిస్తుంది, కనపడకపోతే మీరు పైన ఏం చల్లినా లాభం లేదు.

కాబట్టి పని పొయ్యి మీద ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. వంకాయలు కొనేటప్పుడు ఫోటో కోసం ఒక మూడు నాలుగు కాయలు, ఇంచుమించు ఒకే సైజువి, చర్మం మీద మచ్చ లేనివి విడిగా చూసుకోండి. తొడిమని మొదలంటా కోసేయకండి, ఒక అంగుళం ఉంచండి, ముచ్చిక అంచుల్లో ముళ్లుంటే అవి మాత్రం గిల్లేయండి. నాలుగు చీలికలు తొడిమ దాకా వెళ్లకుండా కాయ పొడవులో మూడొంతుల దగ్గర ఆపండి. అంతకు మించి కోస్తే ఉడికాక చీలికలు విచ్చుకుపోయి, కూరిందంతా గ్రేవీలో కలిసిపోతుంది. మీ ఫోటోలో ఒక కాయకి అదే జరిగినట్టుంది.

తర్వాత వంకాయ రంగు. ఆ ఊదా రంగు తొక్కలోనే ఉంటుంది, నీళ్లలో నెమ్మదిగా ఉడికే కొద్దీ దిగిపోయి మట్టిరంగుకి వస్తుంది. వేడి నూనెలో మొదట వేగితే చాలావరకు నిలబడుతుంది. అందుకని కూరిన కాయల్ని నేరుగా గ్రేవీలో వేసి మూత పెట్టకుండా, మూడు నాలుగు చెంచాల నూనె బాగా కాగాక మూకుట్లో పరిచి, అన్ని వైపులా తిప్పుతూ వేయించండి. తొక్క నిగనిగలాడుతూ అక్కడక్కడ సన్నగా ముడత పడటం మొదలవుతుంది. అప్పుడు మంట తగ్గించి మూత పెట్టి మగ్గించండి. కొన్నిటికి చాకు మొన గుచ్చితే కాస్త బిగువుగా దిగుతుంది, కొన్ని అప్పటికే మెత్తబడి ఉంటాయి. ఆ బిగువుగా ఉన్నవాటిలోంచి, ఆకారం చెడకుండా ఉన్న మీ మూడు నాలుగు కాయల్ని ఒక పళ్లెంలోకి తీసి పక్కన పెట్టేయండి. మిగతావి ఎప్పటిలాగే గ్రేవీలో ఉడికించుకోండి. తీసి పెట్టినవి చివర్లో, పొయ్యి కట్టేసే ముందు రెండు మూడు నిమిషాలు గ్రేవీ అంచున ఉంచితే ఉడుకు పూర్తవుతుంది, పులుపు కూడా పడుతుంది. తీసేటప్పుడు తొడిమ పట్టుకుని లాగకండి, ఊడి చేతికొస్తుంది. అట్లకాడ కింద నుంచి దోపి, చెంచా పైన ఆనించి ఎత్తండి.

గ్రేవీ చిక్కదనం గురించి చాలామంది పట్టించుకోరు కానీ ఫోటోని చెడగొట్టేది ఎక్కువగా అదే. పల్లీ, నువ్వు, కొబ్బరి ముద్ద చల్లారే కొద్దీ బిగుస్తుంది. పొయ్యి మీద సరిగ్గా ఉందనిపించిన గ్రేవీ, పళ్లెంలోకి వచ్చి పది నిమిషాలయ్యేసరికి పైన పొర కట్టి, మెరుపు పోయి, పగుళ్లిచ్చినట్టు కనిపిస్తుంది. మీరు బురద అన్నది దాన్నే అనుకుంటున్నాను. అన్నంలోకి మీకు అలవాటైన చిక్కదనం కంటే ఫోటో కోసం తీసే నాలుగు గరిటెలు కాస్త పల్చగా ఉండాలి. వాటిని విడిగా చిన్న గిన్నెలోకి తీసుకుని, ఒకటి రెండు చెంచాల వేడి నీళ్లు కలిపి చూడండి. పళ్లెంలో చెంచా వెనకవైపుతో ఒక గీత గీస్తే ఆ గీత నెమ్మదిగా మూసుకోవాలి. వెంటనే మూసుకుంటే మరీ పల్చన, అలాగే నిలిచిపోతే మరీ చిక్కన. ఒకవేళ పళ్లెంలో గ్రేవీ చుట్టూ నీళ్లు విడిగా ఊరి వలయంలా కనిపిస్తే మాత్రం సర్దుబాటుతో పోదు, ముద్ద ఇంకా ఉడకలేదని అర్థం. తిరిగి పొయ్యి మీద పెట్టి నూనె తేలేదాకా ఉంచాల్సిందే.

ఆ తేలిన నూనెని పారబోయకండి. మూకుడు కాస్త వంచి, చెంచాతో ఒక చిన్న కప్పులోకి తీసి పెట్టుకోండి. కారం, పసుపు రంగు దిగిన ఎర్రటి నూనె అది, చివర్లో దానితో పని ఉంది. మీ ఫోటోలో అదంతా గిన్నె మీద మడుగులా నిలిచింది, దాని మీద ట్యూబ్‌లైట్ తెల్లగా మెరిసి కూర రంగే కనపడకుండా చేసింది.

ఇప్పుడు పళ్లెం. గిన్నె వద్దు, గాజుదైనా స్టీలుదైనా. లోతు గిన్నెలో కాయ మునుగుతుంది, గోడ నీడ కూర మీద పడుతుంది. స్టీలయితే దానికి తోడు పైకప్పు, ఫ్యాను, ఫోన్ పట్టుకున్న మీ చేయి అన్నీ అందులో కనిపిస్తాయి. గాజులో పక్క నుంచి గ్రేవీ అరలు అరలుగా కనిపిస్తుంది, ఈ కూరకి అది నప్పదు. టిఫిన్ ప్లేటు సైజులో, అంచు కొద్దిగా పైకి లేచిన పల్లపు పళ్లెం ఉంటే బాగుంటుంది, తెలుపు కానీ లేత మీగడ రంగు కానీ, మరీ మెరుపు లేనిది. నల్ల పళ్లెం చాలామంది సిఫారసు చేస్తారు, పెరుగన్నానికి, ఇడ్లీకి అది బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ ఊదా వంకాయ, గోధుమ గ్రేవీ రెండూ ముదురువే కాబట్టి ఇక్కడ కాయ అంచు నలుపులో కలిసిపోతుంది.

అరిటాకు దొరికితే నేను దాన్నే ఎంచుకుంటాను. గోధుమ, ఊదా రంగుల పక్కన ఆ ఆకుపచ్చ బాగా తేలుతుంది. ఆకు తుడిచి తడి లేకుండా చేయండి, నీటి చుక్కలుంటే గ్రేవీ వాటిలోకి పాకుతుంది. పల్చటి గ్రేవీ ఆకు మీద నిలవదు కాబట్టి ఆకుని పళ్లెం సైజుకి గుండ్రంగా కత్తిరించి పళ్లెంలో పరవండి. అలా కాకుండా ఆకు కొసతో సహా పూర్తి భోజనం వడ్డించి తీస్తున్నట్లయితే, సన్నటి కొస తినేవాళ్లకి ఎడమ చేతి వైపు ఉండాలి. ఫోటోలో కుడివైపుకి ఉంటే మన వాళ్లు చూడగానే ఏదో తేడాగా ఉందంటారు, ఎందుకో చెప్పలేకపోయినా.

సర్దే వరస ఇలా ఉంటుంది. ముందు పళ్లెం మధ్యలో రెండు గరిటెల గ్రేవీ పోసి, గరిటె అడుగుతో గుండ్రంగా కాస్త వెడల్పు చేయండి, అంచుకి రెండు వేళ్ల ఖాళీ వదలండి. దాని మీద మూడు కాయలు పెట్టండి, ఒకదాని పక్కన ఒకటి క్యూలో నిలబెట్టినట్టు కాదు. రెండు కాయలు వెనక ఆనుకుని, మూడోది ముందుకి వాలి, తొడిమలు మూడూ వేరువేరు వైపులకి తిరిగి ఉండాలి. ముందున్న కాయని చీలిక మీవైపు వచ్చేలా తిప్పండి, లోపలి ముద్ద కనపడాలి. ముద్ద జారిపోయి ఉంటే, కాయల్లో కూరగా మిగిలిన పొడి ముద్ద ఒక చెంచా ఉంచుకుని ఉంటారు కదా, అది కాస్త గ్రేవీతో తడిపి చీలికలోకి మళ్లీ దోపండి. ఇందులో మోసమేమీ లేదు, అదే కూరలోదే. తర్వాత ఇంకో గరిటె గ్రేవీని కాయల మధ్య సందుల్లోంచి వదలండి, కాయల మీదుగా పోయకండి. కాయ సగం ఎత్తు దాకా గ్రేవీ, పై సగం నిగనిగలాడే తొక్క, ఇదే కొలత. తడిపి పిండిన బట్టతో పళ్లెం అంచు ఒకసారి తుడవండి. మిగతా ఎంత బాగున్నా అంచు మీద ఒక పసుపు మరక ఉంటే కన్ను ముందు అక్కడికే పోతుంది.

నాలుగు కాయలు పెట్టకూడదా అంటే పెట్టొచ్చు, కానీ నాలుగూ చతురస్రంగా సర్దుకుని పెట్టెలా కనిపిస్తాయి, మూడయితే ఆ ఇబ్బంది రాదు. ఇంటిల్లిపాదికీ సరిపడే కూరంతా ఫోటోలో చూపించాలని మాత్రం అనుకోకండి.

పైన ఏం వేయాలన్నది మీరు ప్రత్యేకంగా అడిగారు. నేను పాటించే నియమం ఒక్కటే, కూరలో పడిన వస్తువే కూర మీదా పడాలి. చూసేవాళ్లకి రుచి అక్కడే తెలియాలి. టమాటా పువ్వు, నిమ్మ చెక్క, ఉల్లి చక్రాలు, తెల్లటి క్రీము చుక్కలు, ఇవేవీ గుత్తి వంకాయవి కావు, పెట్టగానే అది ఇంకేదో హోటల్ కూర అయిపోతుంది. హైదరాబాద్ బగారా బైంగన్‌ని బిర్యానీ పక్కన పెట్టి తీసేటప్పుడు నిమ్మ చెక్క, ఉల్లి ముక్కలు బాగానే ఉంటాయి, ఎందుకంటే అవి బిర్యానీ వైపువి.

మన కూరకి సరిపోయేవి మూడున్నాయి. మొదటిది కరివేపాకు. ఒక రెబ్బ కడిగి పూర్తిగా ఆరబెట్టి (తడి ఉంటే నూనె చిందుతుంది, జాగ్రత్త) చెంచాడు వేడి నూనెలో వేయండి. చిటపటలు ఆగగానే తీసి కాగితం మీద పెట్టేయాలి. అప్పటికి ఆకు గలగలలాడుతుంది, పచ్చదనం కూడా మిగిలే ఉంటుంది. ఇంకాసేపు ఉంచితే గోధుమ రంగుకి తిరిగి గ్రేవీలో కలిసిపోతుంది. రెబ్బని తుంచకుండా అలాగే వేయించుకుంటే వెనక కాయకి ఆనించి నిలబెట్టొచ్చు, అది పళ్లేనికి కాస్త ఎత్తు కూడా ఇస్తుంది. రెండోది నువ్వులు. అర చెంచా తెల్ల నువ్వులు లేత బంగారు రంగులో దోరగా వేయించి, ముందున్న కాయ భుజం మీద, పక్కనున్న గ్రేవీ మీద ఒక చిటికెడు మాత్రమే చల్లండి. ముదురు తొక్క మీద ఆ తెల్ల చుక్కలు స్పష్టంగా కనిపిస్తాయి. పళ్లెమంతా సమానంగా చల్లితే ఆ అందం పోతుంది, ఒక పక్కనే ఉండాలి. మూడోది వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, ఒక నాలుగైదు పలుకులు. మూడూ వేయాలని లేదు. కరివేపాకు, నువ్వులు చాలు అనిపిస్తుంది నాకు.

ఇక కొత్తిమీర. మీరు తప్పు వస్తువేమీ వేయలేదు, వేసిన తీరు, వేసిన సమయం దెబ్బతీశాయి. సన్నగా తరిగితే ఆకు ఆకారం పోయి పచ్చ పొట్టులా మిగులుతుంది, వేడి గ్రేవీ మీద పడితే ఆవిరికి రెండు నిమిషాల్లో వాడిపోతుంది, అందులోనూ చింతపండు పులుపు తగిలితే పచ్చ రంగు మసకబారి ఆలివ్ రంగుకి దిగుతుంది. మీ ఫోటోలో కొత్తిమీర నల్లగా కనిపించడానికి కారణం ఇదే. వేయాలనుంటే లేత కాడలు చల్లటి నీళ్లలో పది నిమిషాలు ఉంచండి, ఆకులు బిర్రుగా అవుతాయి. నీళ్లు దులిపి బట్ట మీద ఆరబెట్టి, ఫోన్ చేతిలోకి తీసుకున్నాక, నొక్కే ముందు, మూడు నాలుగు ఆకులు విడివిడిగా గ్రేవీకి తగలకుండా కాయ మీద పెట్టండి. కరివేపాకు పెట్టిన పళ్లెంలో కొత్తిమీర అవసరం లేదు, రెండు పచ్చలు ఒకదాన్నొకటి తినేస్తాయి.

ముందు తీసి పెట్టుకున్న ఎర్ర నూనె పని ఇప్పుడే. చిన్న కుంచె కానీ, లేకపోతే శుభ్రమైన వేలు కానీ ఆ నూనెలో ముంచి, కాయ పైభాగంలో వెలుతురు పడే వైపు మాత్రం పల్చగా రాయండి. గ్రేవీ మీద అక్కడక్కడ మూడు నాలుగు చుక్కలు వదలండి. వెలిసిపోయిన తొక్కకి ప్రాణం వస్తుంది.

వెలుతురు గురించి ఒక్క మాట చెప్పమంటే, ట్యూబ్‌లైట్ ఆపేయండి. వంటింట్లో తీయొద్దు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కకో, వరండాలోకో, పెరటి గుమ్మం దగ్గరికో తీసుకెళ్లండి. ఉదయం తొమ్మిది గంటలప్పుడో, మధ్యాహ్నం మూడున్నర నాలుగింటికో బాగుంటుంది. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి, వెలుతురు మెత్తబడుతుంది. కిటికీ మీ వెనక ఉండకూడదు, మీ నీడే పళ్లెం మీద పడుతుంది. గడియారంలో మీరు ఆరు దగ్గర నిలబడితే కిటికీ పది దగ్గర ఉండాలి, అంటే పళ్లేనికి ఎడమ పక్కన, కాస్త అవతలికి. అలా పడిన వెలుతురు కాయ ఒంపు వెంట సన్నటి మెరుపు గీతలా కనిపిస్తుంది, గుండ్రదనం తెలుస్తుంది. కుడివైపు మరీ చీకటి అయిపోతే అటువైపు ఒక తెల్ల కాగితమో, థర్మకోల్ ముక్కో నిలబెట్టండి, వెలుతురు తిరిగొచ్చి నీడ తేలికవుతుంది. ఒకే పళ్లెం మీద కిటికీ వెలుతురు, లైటు వెలుతురు రెండూ పడితే ఒక పక్క నీలంగా, ఇంకో పక్క పచ్చగా వస్తుంది, తర్వాత ఫోన్‌లో ఎంత సర్దినా పోదు. రాత్రి వండిన కూరకయితే కాస్త గ్రేవీ, మూడు కాయలు చల్లారాక ఫ్రిజ్‌లో దాచి, మర్నాడు పొద్దున వేడి చేసి తీసుకోవడమే మేలు.

ఈ ఏర్పాటంతా కూర వడ్డించక ముందే జరగాలి. ఖాళీ పళ్లెంలో మూడు ఉల్లిపాయలు పెట్టి చోటు, కోణం, కాగితం అన్నీ కుదుర్చుకోండి. అంతా సరిపోయాక ఉల్లిపాయలు తీసేసి వేడి కూర సర్దుకోండి. గ్రేవీ పొర కట్టేలోపు మీకున్న ఆ పది నిమిషాలు టెన్షన్ లేకుండా గడుస్తాయి. పళ్లెం కింద పువ్వుల టేబుల్ క్లాత్ ఉంది మీ ఫోటోలో, అది తీసేయండి, చెక్క పీట కానీ, ముడత తీసిన సాదా నూలు బట్ట కానీ సరిపోతుంది.

ఫోన్ సంగతి త్వరగా చెప్పేస్తాను. లెన్సు మీద వేలిముద్రలుంటాయి, మెత్తటి బట్టతో తుడవండి. ఈ కూరని నిట్టనిలువుగా పైనుంచి తీయకండి, కాయ ఎత్తు పోతుంది. కుర్చీలో కూర్చుని తినేటప్పుడు పళ్లెం ఎలా కనిపిస్తుందో ఆ వాలులోంచి తీయండి. మరీ దగ్గరికి వెళ్తే ముందున్న కాయ ఉబ్బినట్టు వస్తుంది, ఒక అడుగు వెనక్కి జరిగి 2x నొక్కండి. తెరమీద ముందున్న కాయని తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొద్దిగా కిందికి జరపండి, నూనె మెరుపు తెల్లగా మండిపోకుండా ఉంటుంది. పక్కన అన్నం ఉంటే ఇది మరీ అవసరం, లేకపోతే మెతుకులు కనపడకుండా తెల్ల మచ్చ మాత్రమే మిగులుతుంది. వెనక మసకగా చేసే పోర్ట్రెయిట్ మోడ్ చాలా ఫోన్లలో తొడిమల అంచుల్ని కూడా చెరిపేస్తుంది, వాడకండి. ఆవిరి కోసం ఆరాటపడొద్దు, అది ఫోటోలో కనపడాలంటే వెనక చీకటిగా ఉండాలి, అంతకంటే ముందు లెన్సుకి పట్టేస్తుంది.

తీశాక రంగులు పెంచే బటన్ జోలికి వెళ్లకపోతేనే మంచిది. పసుపు, కారం ఉన్న వంటలకి రంగు పెంచితే అవి నారింజ రంగుకి తిరుగుతాయి, తొక్క ఊదా నీలంగా అయిపోతుంది, చూడగానే కృత్రిమమని తెలిసిపోతుంది. వెలుతురు కొంచెం పెంచండి, అన్నమో పళ్లెమో తెల్లగా కనిపించేదాకా పసుపు ఛాయ కొంచెం తగ్గించండి, అంతే. వాట్సాప్‌లో పంపేటప్పుడు పైన HD అని ఉండేది నొక్కి పంపండి, లేకపోతే ఫోటో కుదించుకుపోయి మీరు అంత శ్రద్ధగా చల్లిన నువ్వులు అలుక్కుపోయినట్టు వెళ్తాయి.